మిషన్‌లో చెయ్యి పెట్టే ముందు తాళం, ట్యాగ్: చిన్న వర్క్‌షాపులోళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అనంతపురంలో ట్రాక్టర్ ట్రాలీలు, గుంటకలు, శెనక్కాయలు వొలిచే మిషన్లు చేసే షెడ్డులో మెయింటెనెన్స్ చూస్తా. మా దగ్గర పనికి చేరే పిల్లోళ్లు, పక్క షెడ్ల ఓనర్లు, అప్పుడప్పుడు కర్నూలు, కడప నుంచి ఫోన్ చేసే ఫిట్టర్లు తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతా ఉంటారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. అన్ని మిషన్ల గురించి పైపైన చెప్పే బదులు ప్రతి షెడ్డులోనూ ఉండే ఎయిర్ కంప్రెసర్‌ని తీసుకొని దాని బెల్ట్ మార్చే పనిని మొదటి నుంచి చివరి దాకా చెప్తా. అది అర్థమైతే మిగతా మిషన్లకి మీరే చేసుకోగలరు.

లాకౌట్, ట్యాగౌట్ అంటే ఏంది?

రిపేర్ చేసేటప్పుడు మిషన్‌కి కరెంట్ వచ్చే దారిని మూసేసి, ఆ మూసిన చోట రిపేర్ చేసేవాడే తన తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకోవడం లాకౌట్. ఆ తాళం ఎవరిది, ఎందుకు వేసినారు అని రాసి తగిలించే చీటీ ట్యాగ్. ఇంతే. తాళం ఓనర్‌ది కాదు, సూపర్‌వైజర్‌ది కాదు, ఎవరి చెయ్యి మిషన్‌లో ఉంటాదో వాళ్లది.

స్విచ్ ఆఫ్ చేస్తే చాలదా? ఇన్నేండ్లు అట్లనే చేసినాం కదా?

చాలదు. ఎందుకు చాలదో నా కళ్లతో చూసింది చెప్తా.

కొన్నేండ్ల కింద నేను వేరే షెడ్డులో పని చేసేటప్పుడు ఐదు హెచ్‌పీ కంప్రెసర్ ఒకటి ఉండేది. బెల్ట్ లూజై కీచుమంటా ఉండాది. ఒకరోజు పొద్దున కంప్రెసర్ నిండి తనంతట తాను ఆగినాక, మాతో పనిచేసే పిల్లోడు గార్డ్ తీసి బెల్ట్ ఎంత లూజుందో చూద్దామని బొటనవేలితో నొక్కి చూస్తా ఉన్నాడు. మోటర్ చప్పుడు లేదు, ఫ్యాన్ చప్పుడు లేదు, వాడి లెక్కలో మిషన్ ఆగిపోయింది. అదే టైంలో షెడ్డుకి ఆ చివర ఇంకొకాయన ఎయిర్ గన్‌తో ట్రాక్టర్ ఫిల్టర్ ఊదుతా ఉన్నాడు. ట్యాంకులో గాలి తగ్గతా వచ్చి ఎనిమిది కిలోల నుంచి ఆరు కిలోలకి దిగింది, దిగంగానే ప్రెషర్ స్విచ్ టక్‌మని పడి మోటర్ లేచింది. బెల్ట్ వాడి వేలిని పుల్లీలోకి లాక్కుపోయింది. ఎవరూ ఏ స్విచ్చూ నొక్కలేదు. ఎవరి తప్పూ అని చూపడానికి లేదు. గన్ పట్టుకున్న ఆయనకైతే అవతల ఏం జరుగుతాందో కూడా తెలీదు. ఆ పిల్లోడికి ఇప్పుడు కుడిచేతి బొటనవేలు పై కణుపు లేదు.

కంప్రెసర్ ఆగి ఉండటం వేరు, ఆఫ్‌లో ఉండటం వేరు. ఆగి ఉన్న కంప్రెసర్ నిజానికి ఎదురు చూస్తా ఉంటాది. గాలి తగ్గితే లేస్తాది. ఆటోలో పెట్టిన ఏ మిషనైనా అంతే, బోరు మోటర్‌కి రైతులు పెట్టుకునే ఆటో స్టార్టర్ గుర్తు తెచ్చుకోండి, కరెంట్ రాంగానే మోటర్ ఆన్ అవుతాదా లేదా?

ఒకవేళ మీరు స్విచ్ ఆఫ్ చేసినా, ఆ స్విచ్ మీకు కనపడని చోట ఉంటే ఇంకొకరు వచ్చి "ఏందిది, గాలి రావట్లేదే" అని ఆన్ చేస్తారు. వాళ్లు చెడ్డోళ్లు కాదు, వాళ్ల పని ఆగింది, అంతే. ఈ రెండింటినీ ఆపేది తాళం ఒక్కటే.

ఎర్ర బటన్ నొక్కి దాని మీద ట్యాగ్ వేస్తే సరిపోతాదా? ఎమర్జెన్సీ స్టాప్ ఉంది కదా?

ఎర్ర బటన్ గానీ ఎమర్జెన్సీ స్టాప్ గానీ ఆపేది స్టార్టర్ లోపల ఉండే కాయిల్‌ని. కాయిల్ వదిలితే కాంటాక్టులు ఎడమవుతాయి, మోటర్ ఆగుతాది. కానీ మూడు ఫేజులూ స్టార్టర్ పై టెర్మినల్స్ దాకా అట్లనే వచ్చి నిలబడి ఉంటాయి. పాత స్టార్టర్లలో కాంటాక్టులు కాలి కాలి ఒకదానికొకటి అతుక్కుపోవడం చూసినోళ్లు చాలామందే ఉంటారు. లోపల ఎలుక వైరు కొరికినా, దుమ్ములో తేమ పట్టినా కాయిల్ తనంతట తాను లాగొచ్చు.

కాబట్టి తాళం పడాల్సింది స్టార్టర్‌కి కరెంట్ ఇచ్చే మెయిన్ స్విచ్ మీద, లేదా డీబీ బాక్సులో ఆ మిషన్ ఎంసీబీ మీద. ఎమర్జెన్సీ బటన్ ప్రమాదంలో మిషన్‌ని ఆపడానికి, రిపేర్ కోసం కాదు.

కంప్రెసర్ బెల్ట్ మార్చే పని మొదటి నుంచి చివరి దాకా ఎట్ల చెయ్యాలి?

మా షెడ్డులో మేము చేసేది చేసినట్టు చెప్తా.

మొదట చెప్పడం. ఎయిర్ వాడేవాళ్లు ఎవరెవరున్నారో వాళ్ల దగ్గరికి పోయి "అన్నా, కంప్రెసర్ గంటసేపు ఉండదు, బెల్ట్ మారుస్తాండా" అని నోటితో చెప్పాల. దూరం నుంచి అరిస్తే గ్రైండర్ చప్పుడులో వినపడదు. పెయింటింగ్ మధ్యలో ఉంటే వాళ్లది అయిపోయేదాకా ఆగాల, లేకపోతే సగం పెయింట్‌లో ఉన్నోడే పోయి స్విచ్ వేస్తాడు.

తర్వాత ప్రెషర్ స్విచ్ నాబ్‌ని ఆటో నుంచి ఆఫ్‌కి తిప్పి మోటర్ ఆపుతాం. ముందు ఇది చేసినాకే మెయిన్ స్విచ్ దింపాల, లోడ్ మీద మెయిన్ దింపితే కాంటాక్టుల్లో మెరుపు వచ్చి కాలతాయి. మెయిన్ స్విచ్ హ్యాండిల్ కిందికి దింపి, హ్యాండిల్ రంధ్రంలో నా తాళం వేసి, చెవి ప్యాంటు జేబులో. ట్యాగ్ తాళానికే కడతా. తాళం వేసినాక హ్యాండిల్‌ని గట్టిగా పైకి లాగి చూస్తా. ఒకసారి తాళం పడింది కానీ రంధ్రం పెద్దదై హ్యాండిల్ ఇంకా లేస్తా ఉండె, లాగి చూడకపోతే తెలిసేది కాదు.

ఇప్పుడు గాలి. ట్యాంకు నుంచి షెడ్డుకి పోయే వాల్వ్ మూసేసి, ట్యాంకు అడుగున ఉండే డ్రైన్ వాల్వ్ మెల్లగా తెరవాల. మొదట ఎర్ర తుప్పు నీళ్లు ఎగజిమ్ముతాయి, మొహం పక్కకి పెట్టుకోవాల, కళ్లద్దాలు పెట్టుకుంటే మంచిది. గేజు సున్నాకి వచ్చేదాకా తెరిచే ఉంచాల. గేజుని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు, మా దగ్గరే ఒక గేజు ముల్లు అర కిలో దగ్గర ఇరుక్కొని ట్యాంకు ఖాళీ అయినా అక్కడే ఉండె, దీనికి రివర్సులో గాలి ఉన్నా సున్నా చూపించే గేజు కూడా ఉంటాది. డ్రైన్ దగ్గర చెవి పెట్టి విని, సుయ్‌మనే శబ్దం పూర్తిగా ఆగినాక సేఫ్టీ వాల్వ్ రింగు కూడా ఒకసారి లాగి చూస్తే అనుమానం పోతాది. డ్రైన్ వాల్వ్ పని అయ్యేదాకా తెరిచే ఉంచాల.

బెల్ట్‌కి ట్యాంకు గాలితో ఏం పని అని అడుగుతారు. ట్యాంకుకీ పంపుకీ మధ్య ఉండే నాన్ రిటర్న్ వాల్వ్ లీకైతే ట్యాంకు గాలి వెనక్కొచ్చి పిస్టన్ మీద కూర్చుంటాది. బెల్ట్ ఊడదీయంగానే పంపు పుల్లీ ఒక్కసారి గుభాల్న కదలొచ్చు. ఇంకో ముఖ్యమైన కారణం ఉంది, అది కింద ప్రశ్నలో చెప్తా.

గాలి పోయినాక పరీక్ష. నాబ్ మళ్లా ఆటోకి తిప్పి, స్టార్టర్ పచ్చ బటన్ కూడా ఉంటే అదీ నొక్కి చూడాల. మోటర్ కదలకూడదు, హమ్మని మూలగకూడదు. కదల్లేదని చూసినాక నాబ్ మళ్లా ఆఫ్‌లో పెట్టాల. ఈ చివరి మాట చాలామంది మర్చిపోతారు, ఆటోలోనే వదిలేస్తే తాళం తీసి మెయిన్ ఎత్తిన క్షణమే మోటర్ లేస్తాది.

అప్పుడు గార్డ్ తీసి, మోటర్ బేస్ బోల్టులు లూజ్ చేసి, మోటర్‌ని పంపు వైపుకి జరిపి పాత బెల్టులు తీసేస్తాం. రెండు బెల్టులుంటే రెండూ కొత్తవే వెయ్యాల, పాతదీ కొత్తదీ కలిపితే లోడంతా కొత్తదాని మీదే పడతాది. బెల్ట్‌ని స్క్రూడ్రైవర్‌తో ఎత్తి పుల్లీ మీదికి ఎక్కించొద్దు. పుల్లీ తిప్పాల్సొస్తే పుల్లీ ఆకుల్ని పట్టుకొని తిప్పాల, బెల్ట్ పట్టి లాగొద్దు, తాళం ఉన్నా లేకున్నా బెల్టుకీ పుల్లీకీ మధ్య వేలు నలిగేది మన చేతి బలానికే. బిగువు చూడటానికి మధ్యలో నొక్కితే పుల్లీల మధ్య దూరం మీటరుంటే 16 మి.మీ. దాకా దిగాలని లెక్క, మా దాంట్లో అర మీటరే కాబట్టి 8 మి.మీ. సరిపోతాది.

చివరగా గార్డ్ బిగించి, స్పానర్లు లెక్కపెట్టి, గుడ్డ ముక్కలు ఏరి, డ్రైన్ మూసి, చుట్టూ ఎవరూ లేరని చూసి, "వేస్తాండా" అని చెప్పి, నా తాళం నేనే తీసి మెయిన్ ఎత్తుతా. తర్వాత నాబ్ ఆటోకి. గాలి నిండి ఆగేదాకా అక్కడే నిలబడతా, ఆగినాక షెడ్డు వాల్వ్ తెరుస్తా.

బెల్టులు మార్చేది అరగంట పని అయితే తాళం, గాలి, పరీక్ష అన్నీ కలిపి ఇంకో పావుగంట పడతాది, దాంట్లో ఎక్కువ సేపు గాలి ఖాళీ అయ్యేదానికే.

బటన్ నొక్కి చూసినా, మోటర్ తిరగలేదు. అయితే సేఫ్ అనుకోవచ్చా?

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మెయిన్ ఆన్‌లోనే ఉన్నా మోటర్ లేవదు, ఎందుకంటే ప్రెషర్ స్విచ్ తెరుచుకొని ఉంటాది. అంటే మీరు తప్పు ఎంసీబీకి తాళం వేసి, వచ్చి నాబ్ తిప్పి చూస్తే మోటర్ తిరగదు, మీరు తాళం సరిగ్గా పడింది అనుకుంటారు. అరగంట తర్వాత గాలి లీకై ఆరు కిలోలకి దిగినప్పుడు లేస్తాది, అప్పుడు మీ చేతులు ఎక్కడుంటాయో మీకే తెలుసు. అందుకే ముందు గాలంతా తీసేసి, కంప్రెసర్ ఇక లేవాల్సిందే అన్న పరిస్థితి తెచ్చి, అప్పుడు పరీక్ష చెయ్యాల. అట్ల చేసినా లేవకపోతేనే తాళం నిజంగా పని చేస్తాందని అర్థం.

ఏ మిషన్‌కైనా ఇదే. స్టార్ట్ కాకుండా ఆపే వేరే కారణం ఏదైనా ఉంటే, అంటే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయి ఉండటం, గార్డ్ స్విచ్ తెరిచి ఉండటం, ఎమర్జెన్సీ బటన్ లోపలికి నొక్కి ఉండటం, ఇట్లాంటివి ఉంటే మీ పరీక్షకి అర్థం లేదు. వాటన్నిటినీ మామూలు స్థితికి తెచ్చి, అప్పుడు బటన్ నొక్కాల.

ఇంకొకటి, తప్పు ఎంసీబీ అనేది చాలా మామూలుగా జరుగుతాది. మా డీబీలో పాత కంప్రెసర్ పేరు రాసిన ఎంసీబీకి ఎప్పుడో ఎవరో వెల్డింగ్ మిషన్ కనెక్షన్ మార్చేసినారు, పేరు అట్లనే ఉండిపోయింది. ఒక్కో మిషన్‌ని నడిపిస్తా ఒక్కో ఎంసీబీ దింపి ఏది ఆగుతాందో చూసి పేర్లు కొత్తగా రాసుకోండి, ఒక మధ్యాన్నం పడతాది.

కరెంటే లేదు కదన్నా, పోయింది. ఇప్పుడే టక్‌మని చేసేద్దామంటే?

మన దిక్కు ఇదే పెద్ద ప్రమాదం. ఎండాకాలం కరెంట్ పోయినప్పుడు షెడ్డులో అందరూ ఖాళీగా కూర్చుంటారు, "ఊరికే కూర్చునే బదులు ఆ బెల్ట్ చూసేద్దాం" అనిపిస్తాది. మామూలు డీఓఎల్ స్టార్టర్ అయితే కరెంట్ పోతే కాయిల్ వదిలేస్తాది, తిరిగి రాంగానే తనంతట తాను లేవదు, మళ్లా పచ్చ బటన్ నొక్కాల. కానీ కంప్రెసర్ స్టార్టర్‌కి బటన్ బదులు ప్రెషర్ స్విచ్చే కాయిల్‌కి కరెంట్ ఇచ్చేలా వైరింగ్ చేసి ఉంటారు. అది కరెంట్ రాంగానే లేస్తాది. రోటరీ స్విచ్‌తో నడిచే డ్రిల్లింగ్ మిషన్లు, గ్రైండర్లు కూడా ఆన్‌లో వదిలేస్తే అంతే.

కరెంట్ లేనప్పుడు తాళం వెయ్యొచ్చు, వెయ్యాల కూడా. కానీ తాళం సరైన చోట పడిందా లేదా అని బటన్ నొక్కి చూస్తే ఏం తెలుస్తాది? ఊరంతా కరెంట్ లేనప్పుడు ఏ మిషనూ తిరగదు కదా. అందుకే మా దగ్గర ఒప్పుకున్న పద్ధతి ఏందంటే, కరెంట్ లేనప్పుడు తాళం వేసి, గాలి తీసి, సామాను రెడీ చేసుకొని కూర్చుంటాం, కరెంట్ వచ్చినాక పరీక్ష చేసి అప్పుడు గార్డ్ తీస్తాం.

జనరేటర్ ఉన్న షెడ్లకి ఇంకో మాట. తాళం మీటర్ దగ్గర మెయిన్‌కి వేసి ఊరుకుంటే, చేంజోవర్ జనరేటర్ వైపు తిప్పంగానే కరెంట్ వేరే దారిలో వస్తాది. తాళం ఎప్పుడూ చేంజోవర్ దాటినాక, ఆ మిషన్‌కి దగ్గరలో ఉండే స్విచ్‌కి పడాల.

మా షెడ్డులో పాత కిట్‌క్యాట్ ఫ్యూజులున్నాయి, తాళం పెట్టే చోటే లేదు. ఏం చెయ్యాల?

పాత ఇనప మెయిన్ స్విచ్‌లైతే చాలావాటికి హ్యాండిల్ పక్కన తాళం రంధ్రం ఉండనే ఉంటాది, దుమ్ము తుడిచి చూడండి. ఎంసీబీలకి క్లిప్పు లాంటి లాకౌట్ పరికరం దొరుకుతాది, ఎంసీబీ మీట కిందికి దింపి దాని మీద బిగిస్తే తాళం పెట్టుకోడానికి రంధ్రం వస్తాది. ఎంసీబీ కంపెనీని బట్టి క్లిప్పు సైజు మారతాది, మీ ఎంసీబీ ఫొటో తీసుకొని అంగడికి పోండి.

కిట్‌క్యాట్ ఫ్యూజుల దగ్గర చాలామంది ఫ్యూజులు పీకి జేబులో వేసుకుంటారు. ఏమీ లేనిదానికన్నా మంచిదే కానీ, ఇంకొకడు పక్క మిషన్ ఫ్యూజు తీసి ఇక్కడ పెడితే? లేదా ఒక ముక్క వైరు చుట్టి పెడితే? చూసినాను కాబట్టే రాస్తున్నా. ఫ్యూజులు పీకినాక ఆ బోర్డు మూతకి గొళ్లెం వెల్డింగ్ చేసి దానికి తాళం వెయ్యాల, మనం వెల్డింగ్ షాపోళ్లమే కదా. అయితే మూత తీసి లోపల పని ఏదైనా చెయ్యాల్సొస్తే అది ఎలక్ట్రీషియన్ పని, ఫిట్టర్ చెయ్యి పెట్టకూడదు. నిజంగా సరైన దారి మాత్రం ఒక్కో పెద్ద మిషన్ పక్కన తాళం పడే రోటరీ ఐసొలేటర్ పెట్టించుకోవడమే. మేము ముందు కంప్రెసర్‌కి, ఇనప రేకులు కోసే షేరింగ్ మిషన్‌కి పెట్టించి తర్వాత మిగతావాటికి ఒక్కొక్కటే చేసుకుంటా వచ్చినాం.

టెస్టర్ పెట్టి చూస్తే కరెంట్ లేదని తెలిసిపోతాది కదా?

బెల్ట్ మార్చేవాడికి బటన్ పరీక్ష చాలు. వైర్లు ముట్టుకునేవాడికి మాత్రం అది చాలదు, కరెంట్ లేదని కొలిచి చూడాల, అది కూడా స్క్రూడ్రైవర్ టెస్టర్‌తో కాదు. దాంట్లో బల్బు పోయినా వెలగదు, చెప్పులు మందంగా ఉన్నా సరిగ్గా వెలగదు, పట్టపగలు ఎండలో వెలిగినా కనపడదు.

మా ఎలక్ట్రీషియన్ చేసే పద్ధతి ఇది. మీటర్‌ని ముందు కరెంట్ ఉన్న వేరే పాయింట్‌లో పెట్టి మీటర్ పని చేస్తాందా అని చూస్తాడు. తర్వాత తాళం వేసిన మిషన్ స్టార్టర్‌లో ఫేజుకీ ఫేజుకీ మధ్య మూడు సార్లు, ఒక్కో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య మూడు సార్లు. అయిపోయినాక మళ్లీ కరెంట్ ఉన్న పాయింట్‌లో పెట్టి మీటర్ మధ్యలో చెడిపోలేదు కదా అని చూస్తాడు. ఆ చివరిసారి చూడటం అనవసరం అనిపిస్తాది కానీ, ప్రోబ్ వైరు లోపల తెగిన మీటర్ కూడా సున్నానే చూపిస్తాది.

ఇద్దరు ముగ్గురం కలిసి చేస్తే ఎవరి తాళం వెయ్యాల?

అందరిదీ. దానికే హాస్ప్ అని ఒక ఇనప కొక్కెం దొరుకుతాది, దానికి ఆరు రంధ్రాలుంటాయి. హాస్ప్‌ని మెయిన్ స్విచ్‌కి తగిలించి ఒక్కొక్కరు ఒక్కో రంధ్రంలో తమ తాళం వేస్తారు. చివరి తాళం తీసేదాకా హాస్ప్ తెరుచుకోదు. ఒకాయన పని ముందే అయిపోతే తన తాళం తీసుకొని పోతాడు, మిగతావాళ్ల తాళాలు ఉంటాయి.

"మనిద్దరం ఒకటే కదా, నీ తాళం చాలులే మామా" అనే మాట ఒప్పుకోవద్దు. మామ టీకి పోయి తాళం తీసేస్తే అల్లుడు మిషన్ లోపలే ఉంటాడు.

షిఫ్ట్ మారేటప్పుడు పని మధ్యలో ఉంటే, వచ్చినాయన తన తాళం వేసినాకే పోయేవాయన తనది తియ్యాల. మధ్యలో ఒక్క నిమిషం కూడా తాళం లేకుండా ఉండకూడదు.

ట్యాగ్ మీద ఏం రాయాలి? ట్యాగ్ ఒక్కటే వేస్తే చాలదా?

చాలదు, ట్యాగ్ చదివితేనే పని చేస్తాది, తాళం చదవకపోయినా పని చేస్తాది. తాళం ఏ విధంగానూ పడని స్విచ్ ఉంటే మాత్రం ట్యాగ్ వేసి, దాంతో పాటు ఇంకో అడ్డు కూడా పెట్టాల, ఫ్యూజు పీకడమో, స్విచ్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టడమో.

మా ట్యాగ్ మీద ఇట్ల ఉంటాది:

ఆన్ చెయ్యొద్దు. మనిషి పని చేస్తున్నాడు.
మిషన్: కంప్రెసర్
పని: బెల్ట్ మార్చడం
పేరు, ఫోన్:
తేదీ, వేసిన టైం:

పెద్ద అక్షరాలతో ముందు తెలుగు, కింద హిందీ. కర్నూలు, కడప వైపు చాలా షెడ్లలో బీహార్, యూపీ నుంచి వచ్చినోళ్లు పని చేస్తా ఉంటారు, వాళ్లకి తెలుగు చదవడం రాదు. అక్షరాలు ఏవీ రానోళ్లకి ట్యాగ్ మీద తాళం వేసినాయన ఫొటో అంటిస్తే సరిపోతాది, "ఈ అన్న లోపల ఉన్నాడు" అని ఒక్క చూపులో తెలిసిపోతాది. ఇది మా షెడ్డులో అన్నిటికన్నా బాగా పని చేసింది.

అట్టముక్క మీద బాల్ పెన్‌తో రాసి దారంతో కట్టొద్దు. నూనె చేతులు తగిలి రెండు గంటల్లో ఏమీ కనపడదు, దారం గాలికి తెగుతాది. లామినేషన్ చేయించి, మార్కర్‌తో రాసి, నైలాన్ ట్యాగ్ టైతో కట్టండి.

వేరే మిషన్లకి ఏం తేడా ఉంటాది?

కరెంట్ తీసినాక కూడా మిషన్‌లో ఏ బలం మిగిలి ఉంటాదో అది చూసుకోవడమే తేడా. షేరింగ్ మిషన్‌కి ఫ్లైవీల్ ఉంటాది, మోటర్ ఆపినా చాలాసేపు తిరుగుతా ఉంటాది, ఆ తిరుగుడు మిగిలి ఉన్నంతసేపు పెడల్ తొక్కితే బ్లేడు పడతాది. వీల్ కళ్లతో చూసి పూర్తిగా ఆగిందని తెలిసినాకే తర్వాతి పని. హైడ్రాలిక్ ప్రెస్‌లో పైన ఉన్న ర్యామ్ తన బరువుకి తానే దిగొచ్చు, సీల్ లీకైనా హోస్ విప్పినా కిందికి వస్తాది, కాబట్టి ర్యామ్‌ని పూర్తిగా కిందికి దింపాల, లేదా కింద ఇనప దిమ్మె పెట్టాల. జాకీ మీద లేపిన ట్రాలీ కిందికి దూరేటప్పుడు కూడా అదే లెక్క, దానికి తాళం లేదు, స్టాండే తాళం.

చేతి గ్రైండర్‌కి డిస్క్ మార్చేదానికి కూడా తాళమా?

అక్కర్లేదు. ప్లగ్ పీకి, ఆ ప్లగ్ మీ కళ్ల ముందు, మీ కాళ్ల దగ్గర పెట్టుకుంటే చాలు, ఎందుకంటే దాన్ని మళ్లా పెట్టేది మీరు తప్ప ఇంకెవరూ కాదు. ప్లగ్ బోర్డు గోడకి అవతల ఉండి, వైరు పొడుగ్గా పోయి ఉంటే మాత్రం అది మీ చేతిలో లేనట్టే.

చిన్న షెడ్డోళ్లం, చట్టంలో ఇదంతా ఉందా?

2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్‌లోనే, ఆఫ్ నుంచి ఆన్‌కి పొరపాటున జారే స్విచ్ ఏదైనా ఉంటే దాన్ని సేఫ్ స్థానంలో లాక్ చేసే ఏర్పాటు ఉండాలని ఉండేది. అమెరికాలో దీనికి 1989లో ప్రత్యేకంగా రూల్ తెచ్చినారు, లాకౌట్, ట్యాగౌట్ అనే మాటలు ప్రపంచమంతా పాకింది ఎక్కువగా దాని నుంచే. మీ షెడ్డులో ఐదారుగురే ఉంటే ఇన్‌స్పెక్టర్ రాకపోవచ్చు, కానీ బెల్ట్‌కి మనుషుల లెక్క తెలీదు.

తాళంచెవి డూప్లికేట్ ఎవరి దగ్గర ఉండాల?

బోర్డు మీద మేకుకి తగిలించి ఉంచొద్దు, అది ఉంటే తాళం లేనట్టే. మేము ఓనర్ అన్న దగ్గర కవర్‌లో వేసి అంటించి పెడతాం. కవర్ చించినారంటే ఎందుకు చించినారో రాయాల్సిందే. తాళాలన్నీ ఎర్ర రంగు వేసి మిగతా పనులకి వాడకుండా పక్కన పెట్టినాం, లేకపోతే రెండో రోజుకే ఒకటి టూల్ బాక్సుకి, ఒకటి బండికి పోతాది. అన్నిటికీ ఒకే తాళంచెవి పట్టే సెట్టు మాత్రం కొనొద్దు.

తాళం వేసినాయన మర్చిపోయి ఇంటికి పోయినాడు, ఆర్డర్ ఆగిపోయింది. కట్టర్‌తో కోసెయ్యొచ్చా?

వెంటనే కోయొద్దు. ముందు ఆయనకి ఫోన్ చెయ్యాల, ట్యాగ్ మీద నంబర్ ఉండేది అందుకే. ఎత్తితే "పని అయిపోయిందా, మిషన్ ఏ స్థితిలో ఉంది" అని అడగాల, దగ్గరే ఉంటే ఆయన్నే పిలవాల. ఎత్తకపోతే ఆయన నిజంగా షెడ్డులో లేడని చూసుకోవాల, బాత్రూం దగ్గర, వెనక ఇనుము పడేసే చోట, మిషన్ వెనక కూడా. బండి బయటే ఉందంటే ఆయన ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క.

లేడని తేలినాక ఓనర్, ఇంకో ఫిట్టర్ ఇద్దరూ కలిసి మిషన్ మొత్తం చూడాల. గార్డ్ ఉందా, బోల్టులు బిగించినారా, స్పానర్ ఏదైనా లోపల వదిలేసినారా. అంతా సరిగ్గా ఉంటేనే ఓనర్ తన చేత్తో తాళం కోయాల, ఇంకొకరికి చెప్పి కోయించకూడదు. కోసిన టైం, కోసినాయన పేరు పుస్తకంలో రాయాల. మరుసటి రోజు ఆ తాళం వేసినాయన గేటు దగ్గరికి రాంగానే, మిషన్ దగ్గరికి పోకముందే, "నీ తాళం తీసేసినాం, కంప్రెసర్ ఇప్పుడు నడుస్తాంది" అని మొహం చూసి చెప్పాల, ఎందుకంటే ఆయన మనసులో అది ఇంకా తాళం కిందనే ఉంటాది.